షవర్ చుట్టూ గాజు: తలుపు ఎంపిక నుంచి నీరు కారని సీలింగ్ వరకు

గాజు ఎన్‌క్లోజర్ పెట్టించిన కొద్ది నెలలకే బయటి నేల తడుస్తుంటే, చాలామంది మొదట సిలికాన్‌ను అనుమానించి, పాత గీత మీదే మరో గీత గీయిస్తారు. కొన్నాళ్లు ఆగినట్టే ఆగి నీరు మళ్లీ వస్తుంది. నీరు బయటికి రావడమూ రాకపోవడమూ చాలావరకు సిలికాన్ ట్యూబు తెరవకముందే తేలిపోతాయి. గాజు నిలిచే గట్టు ఏ వైపుకు వాలి ఉంది, షవర్ ఏ దిక్కుకు నీరు చిమ్ముతోంది, తలుపును ఏ గోడకు వేలాడదీశారు అన్న మూడు విషయాలు సరిగా ఉంటే సీలింగ్ పని సులువవుతుంది. అవి తప్పితే ఎంత మంచి సిలికాన్ అయినా ఎక్కువ కాలం ఆపలేదు. అందుకే ఈ మార్గదర్శి ఆ నిర్ణయాలతో మొదలై, సిలికాన్‌ను చివరన పట్టుకుంటుంది.

చెప్పేది స్పష్టంగా ఉండడానికి ఒకే స్నానాల గదిని మొదటి నుంచి చివరి వరకు తీసుకుందాం. స్నానం చేసే చోటుకు మూడు వైపులా గోడలున్నాయి, ముందు వైపు తెరిచి ఉంది. ఆ తెరిపి వెడల్పు 1200 మి.మీ., లోపలి లోతు 900 మి.మీ. బయట నిలబడి చూస్తే షవర్ కుడి గోడకు ఉంది. తెరిపి పొడవునా 100 మి.మీ. వెడల్పున్న టైల్స్ గట్టు ఉంది. గట్టుకు ముందు, కమోడ్ వరకు సుమారు 800 మి.మీ. ఖాళీ ఉంది.

మొదటి అడుగు: మూడు రకాల్లో ఏది నప్పుతుంది

స్లైడింగ్ తలుపు బయటి చోటును ఏమాత్రం ఆక్రమించదు కాబట్టి ఇరుకు గదుల్లో ముందుగా తట్టేది అదే. కానీ రెండు పలకల తలుపులో తెరిపి మొత్తం వెడల్పులో సగం కంటే తక్కువే ఉంటుంది. మన 1200 మి.మీ. చోటులో రెండు పలకలు ఒక్కొక్కటి సుమారు 620 మి.మీ. ఉండి, మధ్యలో 40 మి.మీ. మేర ఒకదానిపై ఒకటి రావాలి. తలుపు పూర్తిగా జరిపినా, పిడి అడ్డం వచ్చే చోటు తీసేస్తే మనిషి దూరడానికి 500 మి.మీ. పైచిలుకు మాత్రమే మిగులుతుంది. సన్నని వ్యక్తికి అది చాలవచ్చు గానీ, చంకలో పిల్లవాడితోనో బకెట్‌తోనో వెళ్లేవారికి అది ఇరుకే. తెరిపి 1400 మి.మీ. దాటిన చోట స్లైడింగ్‌ను నిస్సందేహంగా ఎంచుకోవచ్చు.

స్లైడింగ్‌లో చాలామంది గమనించని సంగతి ఒకటుంది. రెండు పలకల్లో ఏది లోపలి వైపు ఉండాలో షవర్ దిక్కును బట్టి నిర్ణయించాలి. షవర్ ఉన్న వైపు పలక లోపల, దూరపు వైపు పలక బయట ఉండాలి. పెంకుల కప్పులో పై వరస పెంకు కింది పెంకు మీదికి వచ్చినట్టే, ఇక్కడ కూడా అతుకు నోరు నీరు వచ్చే దిక్కుకు వీపు తిప్పి ఉండాలి. వరస తారుమారైతే పలకల మధ్య సందు నేరుగా షవర్‌కు ఎదురుగా తెరుచుకుంటుంది. అప్పుడు ఆ సందులో ఏ బ్రష్ పట్టీ పెట్టినా నీరు లోపలికి దూరుతుంది.

తలుపే లేని ఫిక్స్‌డ్ ప్యానెల్ చూడడానికి అందంగా ఉంటుంది, కదిలే భాగాలు లేవు కాబట్టి పాడయ్యేదీ తక్కువే. అయితే అది నీటిని పూర్తిగా ఆపేది కాదు, చిమ్మే నీటికి అడ్డు నిలిచేది మాత్రమే. మన గదిలో షవర్ వైపు గోడకు 650 మి.మీ. పలక పెడితే లోపలికి వెళ్లడానికి 550 మి.మీ. మిగులుతుంది. కుడి గోడ నుంచి చిమ్మిన నీరు ఎదుటి గోడకు తగిలి చిట్లి, సరిగ్గా ఆ ఖాళీలోంచే బయటికి వస్తుంది. స్నానం చేసే చోటు పొడవు 1500 మి.మీ. లేదా అంతకు మించి ఉండి, బయటి నేల కూడా నీరు పోయే జాలి వైపు వాలి ఉన్నప్పుడే తలుపు లేని పలకను ఎంచుకోవడం మంచిది. అక్కడైనా పలక స్వేచ్ఛాంచును పైన ఒక స్టీలు కడ్డీతో గోడకు కట్టాలి. లేకపోతే చేయి తగిలిన ప్రతిసారీ పలక ఊగి, కింది సిలికాన్ క్రమంగా విడిపోతుంది.

ఇక మిగిలింది కీళ్ల తలుపు. దీనికి బయట తలుపు వెడల్పు కంటే కొంచెం ఎక్కువ ఖాళీ కావాలి. మన దగ్గర 800 మి.మీ. ఉంది కాబట్టి 680 మి.మీ. తలుపు కమోడ్‌కు తగలకుండా తిరుగుతుంది. మిగతా చోటులో ఒక ఫిక్స్‌డ్ ప్యానెల్ వస్తుంది. తలుపు తప్పనిసరిగా బయటికి తెరుచుకోవాలి. లోపల ఎవరైనా జారిపడితే, లోపలికి మాత్రమే తెరుచుకునే తలుపును వారి శరీరమే అడ్డుకుంటుంది, సాయానికి వెళ్లిన వారు తలుపు తీయలేరు. లోపలికీ బయటికీ రెండు వైపులా తిరిగే కీళ్లు కూడా దొరుకుతాయి. తెరిచినప్పుడు తలుపు నుంచి కారే నీరు లోపలే పడాలనుకునేవారు వాటిని తీసుకోవచ్చు.

ఈ మూడింటిలో సీలింగ్ కష్టమైనది కీళ్ల తలుపుకే. రెండు పక్కలా, కిందా మూడు అంచుల్లోనూ ఖాళీ ఉండాలి, అవన్నీ మూయాలి, అయినా తలుపు స్వేచ్ఛగా తిరగాలి. అందుకే ఇకపై వివరమంతా దాని మీదే సాగుతుంది. అది వచ్చిన వారికి మిగతా రెండూ కష్టం కాదు.

రెండో అడుగు: గాజు మందం, దాని బరువు

షవర్‌కు వాడవలసింది టఫెన్డ్ గాజే. మామూలు గాజును సుమారు 620 నుంచి 650 డిగ్రీల సెల్సియస్ వరకు కాచి, వెంటనే చల్లని గాలితో చల్లార్చితే అది తయారవుతుంది. ఉపరితలంలో నొక్కుడు ఒత్తిడి చేరడం వల్ల అది మామూలు గాజు కంటే నాలుగైదు రెట్లు గట్టిగా ఉంటుంది. పగిలినా కత్తుల్లాంటి ముక్కలు కాకుండా చిన్న చిన్న పలుకులుగా రాలుతుంది. ప్రతి పలక మూలలోనూ తయారీ ముద్ర చెరగకుండా ఉండాలి, ముద్ర లేని పలకను వెనక్కి పంపేయండి.

బరువు లెక్క తేలిక. గాజు ఒక చదరపు మీటరుకు, ఒక్కో మిల్లీమీటరు మందానికి రెండున్నర కిలోలు తూగుతుంది. కాబట్టి 8 మి.మీ. గాజు చదరపు మీటరుకు 20 కిలోలు, 10 మి.మీ. అయితే 25 కిలోలు, 12 మి.మీ. అయితే 30 కిలోలు. మన తలుపు 680 మి.మీ. వెడల్పు, 1990 మి.మీ. ఎత్తు, అంటే సుమారు 1.35 చదరపు మీటర్లు. అది 8 మి.మీ. మందంలో 27 కిలోలు, 10 మి.మీ. మందంలో 34 కిలోలు, 12 మి.మీ. మందంలో 40 కిలోలకు పైగా తూగుతుంది. ఇప్పుడు కీళ్ల జత పెట్టె మీద రాసిన గరిష్ఠ బరువు చూడండి. ఒక జతకు 45 కిలోలని ఉంటే 10 మి.మీ. తలుపు నిశ్చింతగా నిలుస్తుంది, 12 మి.మీ. తలుపు పిడితో కలిపి హద్దుకు చేరువవుతుంది.

మందం పెరిగితే నాణ్యత పెరిగినట్టేనన్న నమ్మకం అమ్మేవారిలోనూ కొనేవారిలోనూ బలంగా ఉంది. నిజానికి 12 మి.మీ. తలుపు కీళ్లను త్వరగా అలిసేలా చేస్తుంది. కీలు ఒక్క మిల్లీమీటరు కిందికి దిగినా తలుపు ఎదుటి మూల కూడా దిగి, కింది సీల్ పట్టీ గట్టును రాసుకుంటుంది. ఫ్రేమ్ లేని కీళ్ల తలుపుకు 10 మి.మీ. సరిపోతుంది, తలుపు 600 మి.మీ. లోపు ఉంటే 8 మి.మీ. కూడా చాలు. నాలుగు వైపులా అల్యూమినియం ఫ్రేమ్ ఉన్న తలుపుకు 6 మి.మీ. గాజు చాలు, ఎందుకంటే అక్కడ బరువు మోసేది ఫ్రేమే. స్లైడింగ్ తలుపుకు 8 మి.మీ. సాధారణం. ఏది తీసుకున్నా కీళ్లు, సీల్ పట్టీలు అదే మందానికి చేసినవై ఉండాలి. 8 మి.మీ. గాజుకు 10 మి.మీ. పట్టీ తొడిగితే అది వదులుగా ఉండి కొద్ది వారాల్లో జారిపోతుంది.

టఫెన్డ్ గాజు చాలా అరుదుగా ఏ దెబ్బా లేకుండానే పగులుతుంది. గాజులో చిక్కుకున్న నికెల్ సల్ఫైడ్ కణాలు కాలక్రమంలో ఉబ్బడం దీనికి ఒక కారణం. తయారీలో హీట్ సోక్ పరీక్ష చేసిన గాజు అడిగితే, అలాంటి లోపమున్న పలకల్లో చాలావరకు కొలిమిలోనే పగిలిపోతాయి కాబట్టి ప్రమాదం బాగా తగ్గుతుంది. అంతకంటే తరచుగా పగలడానికి కారణం అంచు దెబ్బ. పలక మధ్యలో గుద్దినా తట్టుకునే గాజు, మూల టైల్‌కు తగిలితే మొత్తం రాలిపోతుంది.

మూడో అడుగు: కొలతలు, తలుపు ఏ గోడకు అన్న నిర్ణయం

టైల్స్, గ్రౌట్ పని పూర్తిగా అయ్యాకే కొలవాలి. ప్లాన్ కాగితం మీది కొలతతో గాజు ఆర్డర్ ఇవ్వకూడదు, ఎందుకంటే టఫెన్డ్ గాజును తర్వాత కోయడం గానీ, రంధ్రం వేయడం గానీ, అంచు అరగదీయడం గానీ కుదరదు. ఒక్క 3 మి.మీ. తేడా వచ్చినా ఆ పలక పనికిరాదు.

వెడల్పును గట్టు దగ్గర, నడుము ఎత్తులో, పైన, ఇలా మూడు చోట్ల కొలవండి. మన గదిలో అవి వరుసగా 1200, 1203, 1206 మి.మీ. వచ్చాయనుకుందాం. తర్వాత పొడవాటి రసమట్టాన్ని రెండు గోడలకూ నిలువుగా ఆనించి చూడండి. కుడి గోడ నిట్టనిలువుగా ఉంది, ఎడమ గోడ పైకి వెళ్లేకొద్దీ 6 మి.మీ. బయటికి ఒరిగింది. ఇలాంటి ఒరుగు కొత్త ఇళ్లలో కూడా మామూలే, దాన్ని ఎక్కడ దాచాలన్నదే తెలియాలి.

కీలు గోడ ఒరుగును దాచలేదు. ఒరిగిన గోడకు తలుపు వేలాడదీస్తే, తలుపు దానంతటదే తెరుచుకుంటూనో మూసుకుంటూనో ఉంటుంది, గోడ పక్క సందు పైన ఒకలా కింద ఒకలా ఉంటుంది. ఫిక్స్‌డ్ ప్యానెల్ అంచు కూర్చునే లోహపు గాడి, అంటే యు-చానల్ మాత్రం ఒరుగును తనలో ఇముడ్చుకుంటుంది. కాబట్టి నిలువుగా ఉన్న గోడ తలుపుకు, ఒరిగిన గోడ ప్యానెల్‌కు. మన గదిలో ఇంకో మేలు కూడా కలిసివచ్చింది. షవర్ ఉన్న కుడి గోడకే తలుపు వేలాడుతోంది కాబట్టి, నీరు కీళ్ల నుంచి దూరంగా, ప్యానెల్ వైపు చిమ్ముతుంది. కీళ్ల తలుపులో అన్నిటికంటే బలహీనమైన చోటు కీళ్ల పక్క సందే. కీలు ఉన్న చోట సీల్ పట్టీని కత్తిరించి తీరాలి కాబట్టి అక్కడ మూత ఉండదు. ఆ సందుకు ఎదురుగా షవర్ ఉంటే దాన్ని ఏమీ కాపాడలేదు. షవర్ గోడే ఒరిగి ఉన్న గదిలో ఆ గోడను సరిచేయించాక గాజు కొలవడం మంచిది. దిక్కు మార్చి తలుపును షవర్‌కు ఎదురుగా పెట్టడం మాత్రం చేయవద్దు.

ఇప్పుడు వెడల్పుల లెక్క వేద్దాం. మూడు కొలతల్లో చిన్నది, అంటే కింది 1200 తీసుకోవాలి. గోడకూ తలుపుకూ మధ్య 6 మి.మీ., తలుపుకూ ప్యానెల్‌కూ మధ్య 5 మి.మీ. వదులుదాం. ఖచ్చితమైన ఖాళీలు మీరు కొన్న కీళ్లతో, పట్టీలతో వచ్చిన కాగితంలో ఉంటాయి, అవే పాటించాలి. తలుపు 680 తీసేస్తే ప్యానెల్ స్వేచ్ఛాంచు నుంచి ఎడమ గోడ వరకు 509 మి.మీ. మిగులుతుంది. గాజు అంచు కింద గోడకు 6 మి.మీ. దూరంలో ఆగాలనుకుంటే ప్యానెల్ వెడల్పు 503 మి.మీ. గోడ ఒరుగు వల్ల పైన ఆ దూరం 12 మి.మీ. అవుతుంది. 20 మి.మీ. లోతున్న చానల్‌లో గాజు కింద 14 మి.మీ., పైన 8 మి.మీ. దూరి ఉంటుంది. పైన కూడా పట్టు సరిపోతుంది, బయటికి చూస్తే అంతా నిటారుగానే కనిపిస్తుంది.

గట్టును రెండు దిక్కుల్లో చూడాలి. అడ్డంగా, అంటే బయటి నుంచి లోపలికి, అది లోపలికే వాలాలి. 100 మి.మీ. వెడల్పుకు 3 నుంచి 5 మి.మీ. వాలు చాలు. గట్టు మీద ఒక చెంచా నీరు పోసి చూస్తే రసమట్టం కంటే స్పష్టంగా తెలుస్తుంది. నీరు నిలిచినా, బయటికి జారినా, గాజు పెట్టకముందే ఆ టైల్స్ తీసి మళ్లీ వేయించడం తప్ప మరో దారి లేదు. పొడవునా మాత్రం గట్టు మట్టంగా ఉండాలి. లేకపోతే తలుపు కింది ఖాళీ ఒక మూలన ఎక్కువై పట్టీ అందదు.

నాలుగో అడుగు: అమరిక

గాజు వచ్చాక దాన్ని గోడకు ఆనించేటప్పుడు కింద చెక్క ముక్కలు గానీ మందపాటి అట్ట గానీ వేయండి, టైల్స్ మీద నేరుగా నిలబెట్టవద్దు. కొలతలు, రంధ్రాల చోట్లు మరోసారి సరిచూసుకుని, ముద్ర ఉన్న మూల ఎటు రావాలో నిర్ణయించుకోండి.

మొదట ఎడమ గోడకు నిలువు చానల్, గట్టు మీద అడ్డం చానల్ పెట్టి చూసుకోవాలి. గోడ చానల్‌ను మరలతో బిగించవచ్చు. టైల్స్‌లో రంధ్రం వేసేటప్పుడు డైమండ్ బిట్ వాడి, సుత్తి పోటు ఆపేసి, మెల్లగా నీటితో తడుపుతూ వేయాలి. ప్లగ్ దూర్చేముందు ప్రతి రంధ్రాన్నీ సిలికాన్‌తో నింపాలి. గట్టుకు మాత్రం రంధ్రం వేయకండి. గట్టు టైల్స్ కింద వాటర్‌ప్రూఫింగ్ పొర ఉంటుంది, దాన్ని చిల్లు పొడిస్తే నీరు బయటి నేల మీదికి రాకుండా కిందికి ఇంకి, నెలల తర్వాత పక్క గోడ అడుగున చెమ్మగా బయటపడుతుంది. గట్టు మీది చానల్‌ను సిలికాన్‌తోనే అతికించాలి.

చానల్‌లో గాజు నేరుగా లోహాన్ని తాకకూడదు. కింద రెండు చోట్ల 3 మి.మీ. ప్లాస్టిక్ ప్యాకర్లు వేసి వాటి మీద పలకను కూర్చోబెట్టి, రసమట్టంతో నిలువు చూసి, పక్కల సన్నని చీలికలతో బిగించండి. పలక పై మూలను కడ్డీతో గోడకు కట్టేదాకా ఒకరు పట్టుకునే ఉండాలి.

తలుపు పనికి ఇద్దరు కావాలి. కీళ్లు పైనుంచి, కింది నుంచి 200 మి.మీ. ప్రాంతంలో వస్తాయి. తలుపు బరువు పై కీలును గోడ నుంచి బయటికి లాగుతూ ఉంటుంది కాబట్టి, ఆ మరలు గట్టి ఇటుకలోనో కాంక్రీటులోనో దిగాలి. బోలు గోడ అయితే టైల్స్ వేయకముందే లోపల చెక్క దన్ను పెట్టించి ఉండాలి. కీలు పలకకూ గాజుకూ మధ్య రబ్బరు గాస్కెట్ రెండు వైపులా ఉందో లేదో చూసి, మరలను ఒకటి తర్వాత ఒకటి కొంచెం కొంచెంగా బిగించాలి. తలుపు కింద 10 మి.మీ. ఖాళీ వచ్చేలా చెక్క ముక్కల మీద నిలిపి బిగిస్తే తర్వాత సర్దుబాటు తక్కువవుతుంది. వారం తర్వాత కీళ్ల మరలు మరోసారి బిగించండి, గాస్కెట్ అణగడం వల్ల అవి కొంత వదులవుతాయి.

ఐదో అడుగు: సీలింగ్

సీలింగ్ అంతటికీ మూలం ఒక్కటే. గాజు అడుగుకు చేరిన నీటికి లోపలికి తిరిగి వచ్చే దారి ఉండాలి, బయటికి వెళ్లే దారి ఉండకూడదు. చానల్‌లోకి కొంత నీరు ఎప్పుడూ దూరుతుంది. బయటి వైపూ లోపలి వైపూ రెండూ సిలికాన్‌తో మూసేస్తే, లోపలి గీతలో ఏదో సన్నని సందు ద్వారా దూరిన నీరు తిరిగి రాలేక చానల్ నిండుతుంది. అప్పుడది బయటి గీతలోని అతి చిన్న లోపాన్ని వెతుక్కుని అక్కడ బయటపడుతుంది. అందుకే బయటి గీత ఎక్కడా తెగకుండా ఉండాలి, కింది చానల్ లోపలి అంచును తెరిచి వదిలేయాలి. మీ కిట్‌తో వచ్చిన కాగితం వేరేలా చెప్తే ఆ కాగితాన్నే పాటించండి. కొన్ని చానళ్లలో లోపలి వైపు గాస్కెట్ ముందే ఉంటుంది.

సిలికాన్ న్యూట్రల్ క్యూర్ రకం, బూజు పట్టని శానిటరీ గ్రేడ్ అయి ఉండాలి. వెనిగర్ వాసన వచ్చే రకం చౌకైనా, అది పాలరాయి మీద మరక చేస్తుంది, ఇత్తడిని తుప్పు పట్టిస్తుంది, అద్దం వెనుక పూతను తినేస్తుంది. అతికించే చోట్లన్నీ ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, పూర్తిగా ఆరనివ్వాలి. సబ్బు పొర గానీ, తడి గానీ ఉంటే సిలికాన్ పట్టదు. పాత సిలికాన్ మీద కొత్తది అంటుకోదు కాబట్టి, మరమ్మతు అయితే పాతదంతా బ్లేడుతో గీకి తీసేయాలి.

పని ఈ వరుసలో చేయండి. ముందుగా, చానల్ కూర్చోబెట్టే ముందే, గట్టు గోడను కలిసే మూలలోని గ్రౌట్ సందును సిలికాన్‌తో నింపండి. నీరు చానల్ కిందుగా ఆ సందులోంచే బయటికి జారడం చాలా తరచుగా జరుగుతుంది, పైన ఎంత మూసినా లాభం ఉండదు. తర్వాత చానల్ అడుగున బయటి అంచుకు దగ్గరగా తెగని గీత పెట్టి అతికించండి. ప్యానెల్ కూర్చున్నాక, చానల్ తలుపు వైపు ఎక్కడ ముగుస్తుందో ఆ తెరిచిన కొనను సిలికాన్‌తో గట్టిగా పూడ్చండి. నేను చూసిన కారుడుల్లో ఎక్కువ భాగం ఈ అంగుళం చోటు నుంచే. చానల్‌లో చేరిన నీరు కాలువలా పారి ఆ కొన దగ్గర, తలుపు మూలన, గట్టు మీద పడుతుంది.

ఆపైన బయటి గీత. చానల్‌కు, గాజుకు, గోడకు అటూ ఇటూ మాస్కింగ్ టేపు అంటించి, 45 డిగ్రీల కోతతో ముక్కు కత్తిరించిన ట్యూబుతో 5 మి.మీ. గీత ఆగకుండా లాగండి. వెంటనే తడిచేసిన సాధనంతో ఒకే ఊపులో సర్ది, పైపొర గట్టిపడకముందే, అంటే పది నిమిషాల లోపే, టేపు తీయండి. కనీసం 24 గంటలు నీరు తగలనివ్వకూడదు. సిలికాన్ లోపలికి రోజుకు 2, 3 మి.మీ. మాత్రమే గట్టిపడుతుంది కాబట్టి కొన దగ్గరి మందపాటి పూడికకు 48 గంటలు ఇవ్వండి.

తలుపుకు మూడు పట్టీలు కావాలి. కీళ్ల వైపు బుడగ ఆకారపు మెత్తని పట్టీ, ప్యానెల్ వైపు అయస్కాంతపు పట్టీ లేదా సన్నని రెక్క పట్టీ, కింద నాలుకతో ఉన్న పట్టీ వస్తాయి. కింది పట్టీ తొడగడంలోనే ఎక్కువ మంది తడబడతారు. దానికి నిలువుగా వేలాడే ఒక మెత్తని రెక్కతో పాటు, ఏటవాలుగా వంగిన గట్టి నాలుక ఒకటి ఉంటుంది. ఆ నాలుక లోపలి వైపుకు, షవర్ వైపుకు చూడాలి. తలుపు మీది నుంచి జారిన నీటిని అది పట్టి గట్టు లోపలి భాగం మీద వదులుతుంది. తిరగవేసి తొడిగితే అదే నాలుక నీటిని శ్రద్ధగా బయటికి చేరవేస్తుంది. మెత్తని రెక్క గట్టును తాకీ తాకనట్టు ఉంటే చాలు, నొక్కుకుపోతే తలుపు తీసిన ప్రతిసారీ వంగి కొద్ది నెలల్లో చిరుగుతుంది.

ఇంత చేసినా తలుపు కింద తేమ వస్తుంటే, గట్టు మీద తలుపు గీతకు కొంచెం లోపలిగా 8 మి.మీ. ఎత్తున్న అల్యూమినియం పట్టీని సిలికాన్‌తో అతికించవచ్చు. అప్పుడు ఆ పట్టీకి బయటి వైపు నీరు చేరకూడదు, లేకపోతే పట్టీ వెనుక మడుగు కడుతుంది. గట్టు వాలు సరిగా ఉన్న గదిలో దీని అవసరం రాదు.

ఆరో అడుగు: పరీక్ష

షవర్‌ను పూర్తిగా తిప్పి బయట తడి వచ్చిందా అని చూస్తే కారుడు ఉందని తెలుస్తుంది గానీ ఎక్కడో తెలియదు. బయటి గట్టు పొడవునా పొడి టిష్యూ కాగితం పరచి, నీటిని కింది నుంచి పైకి, ఒక్కో చోటుగా ప్రయోగించండి.

మొదట ఒక మగ్గు నీటిని గట్టు లోపలి అంచు మీద, చానల్ పక్కగా నెమ్మదిగా పోయండి. ఐదు నిమిషాలు ఆగండి. గోడ మూలన కాగితం తడిస్తే గ్రౌట్ సందు, తలుపు పక్కన తడిస్తే చానల్ కొన కారణం. రెండూ పొడిగా ఉంటేనే హ్యాండ్ షవర్‌తో ప్యానెల్ గోడ చానల్ మీద నడుము ఎత్తు వరకు, తర్వాత పై వరకు నీరు చిమ్మండి. అక్కడ తడి వస్తే బయటి నిలువు గీతలో తెగిన చోటు ఉంది. చివరన తలుపు. నీరు పలక మధ్యన పడేలా చిమ్మితే కింద మధ్యలో తడి వస్తుందా చూడండి. వస్తే నాలుక తిరగబడి ఉంది, లేదా తలుపు ఒరిగి పట్టీ ఒక వైపు అందడం లేదు. ఒకే మూలన, పిడి వైపు కింద మాత్రమే తడి వస్తే తలుపు దిగింది. తలుపు కింది ఖాళీ రెండు మూలల్లో కొలిస్తే అది రుజువవుతుంది, అప్పుడు కీళ్ల మరలు వదులు చేసి, చెక్క ముక్కతో లేపి మళ్లీ బిగించాలి.

షవర్‌ను ఆపిన చాలాసేపటి తర్వాత, మెల్లగా మొదలై గంటలకొద్దీ కొనసాగే తడి వేరే కథ. అది గాజు అతుకుల నుంచి వచ్చేది కాదు. నీరు టైల్స్ కింద చేరి గట్టు బయటి ముఖం నుంచి ఊరుతోందన్న మాట. అక్కడ సిలికాన్ పూయడం వల్ల ఉపయోగం లేదు. జాలి చుట్టూ, గట్టు లోపలి మూలల్లో వాటర్‌ప్రూఫింగ్ చూపించాలి.

తలుపు పట్టీలు ప్లాస్టిక్‌వే కాబట్టి కొన్నేళ్లకు పసుపెక్కి గట్టిపడతాయి. వాటిని వేలితో వంచితే తిరిగి రాకుండా అలాగే ఉండిపోతే మార్చే సమయం వచ్చినట్టే. పాత పట్టీ ముక్కను, గాజు మందాన్ని, ఖాళీ కొలతను వెంట తీసుకెళ్లి అదే ఆకారపు పట్టీ తెచ్చుకోవాలి.